మూతి చుట్టూ తేనెరంగు పక్కులు: ముందు నానబెట్టండి, తర్వాతే మందు రాయండి

బడులు తెరిచి నెలైనా తిరగకముందే, నాలుగు చినుకులు పడి ఉక్క మొదలైందంటే మా సబ్‌సెంటరుకు ఒకే రకం మొహాలు వరసగా వస్తాయి. ముక్కు కింద, పెదవి మూలన ఒక పక్కు. శెనక్కాయ చిక్కీ చేసిన గిన్నె అంచుకు పాకం ఎండి అంటుకున్నట్టే ఉంటుంది దాని రంగు. అంచు కొంచెం లేచిన చోట చూస్తే కింద చర్మం ఎర్రగా, తడితడిగా మెరుస్తుంటుంది. అనంతపురం దగ్గర ఒక మండలంలో ఏఎన్‌ఎంగా చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఈ పక్కుల గురించి తల్లులకు చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పోయినేడు ఒక అవ్వ ఆరేళ్ల మనవణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పిల్లోడు ఒకటో తరగతి. ముక్కు కింద రెండు, గడ్డం మీద ఒకటి, మొత్తం మూడు పక్కులు. వాటి మీద పసుపు, కొబ్బరినూనె కలిపి పూసి ఉంది.

"నర్సమ్మా, రాత్రి నిద్దట్లో బల్లి ఉచ్చ పోసిండాది. నాలుగు దినాలైంది, పసుపు పెడితే ఎండినట్టే ఉండి మళ్లా రసి కారతాండాది" అంది.

పక్కు ఎండినట్టే ఉండి మళ్లీ రసి కారడం ఈ జబ్బు తీరే. దీన్ని డాక్టర్లు ఇంపెటైగో అంటారు. బల్లికీ దీనికీ సంబంధం లేదు. చర్మం పైపొరలో పెరిగే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఎక్కువగా స్టెఫిలోకాకస్ ఆరియస్, కొన్నిసార్లు స్ట్రెప్టోకాకస్ పయోజెన్స్, ఒక్కోసారి రెండూ కలిసి ఉంటాయి. మొదటిది పదిమందిలో ముగ్గురి ముక్కులో ఏ హానీ చేయకుండా ఊరికే కాపురం ఉంటుంది. చర్మం బాగున్నంత కాలం దానికి లోపలికి పోయే దారి ఉండదు. చీమిడి కారే పిల్లోడు చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని తుడుచుకుని ఆ చోట చర్మం గీరుకుపోతే దానికి దారి దొరికినట్టే. మొదటి పక్కు చాలాసార్లు ముక్కు కిందే కనబడేది అందుకే. దోమ కుట్టి గోకిన చోట, మోకాలు గీసుకున్న చోట కూడా ఇదే కథ.

ముందు అది ఇదేనా అని చూడండి

మొదట దోమ కుట్టినంత ఎర్ర చుక్క వస్తుంది. దాని మీద సన్నని నీటి పొక్కు లేస్తుంది. పైచర్మం ఎంత పలచనో, చాలామంది తల్లులు ఆ పొక్కును చూడనే చూడరు, అప్పటికే చితికిపోయి ఉంటుంది. అందులోంచి వచ్చిన రసి ఆరి తేనెరంగు పక్కు కడుతుంది. దురద ఉంటుంది, నొప్పి పెద్దగా ఉండదు. పిల్లోడు మామూలుగానే ఆడుకుంటూ, అన్నం తింటూ ఉంటాడు. జ్వరం సాధారణంగా ఉండదు.

మా పక్క దీన్ని ఎక్కువగా పొరబడేది అమ్మవారు పోసిందని. అలా అనుకుంటే ఒక నష్టం ఉంది. నీళ్లు తగలనీయరు, మందు పెట్టనీయరు, వేపమండ కట్టి వారం ఆగుతారు. ఈ జబ్బుకు నీళ్లే మొదటి మందు, ఆ వారంలో మూడు పక్కులు పదిహేనవుతాయి. అమ్మవారైతే జ్వరం వస్తుంది, పొక్కులు పొట్టా వీపూ మీద ఎక్కువగా లేచి ఒళ్లంతా కనబడతాయి, కొత్తవీ పాతవీ కలిసి ఉంటాయి. ముక్కు మూతి దగ్గర మాత్రమే ఉండి, తేనెరంగు పక్కు కట్టి, పిల్లోడు హుషారుగా ఉంటే అది అమ్మవారు కాదు. ఒకే చోట, పెదవి అంచున, గుంపుగా చిన్న చిన్న నీటి పొక్కులు లేచి, లేచే ముందు మంట పుట్టి, ఏడాదికి ఒకటి రెండుసార్లు అక్కడే తిరిగి వచ్చేవి వేరే. అవి హెర్పిస్ వైరస్‌వి, వాటికి ఈ పక్కులకు రాసే మందు పని చేయదు. తామర అయితే గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో బాగవుతూ పోతుంది. పక్కు కట్టదు. ఏదో తేల్చుకోలేకపోతే పీహెచ్‌సీలో డాక్టరుకు చూపించండి, చూసిన వెంటనే చెప్పేస్తారు.

నానబెట్టడం

పిల్లోణ్ణి కూర్చోబెట్టుకునే ముందు గోళ్లు కత్తిరించండి, పెద్దవాళ్లవి కూడా. పక్కు గోకిన గోటి కింద రసి నిలిచి, అదే గోరు మొహమంతా తిరుగుతుంది. మొహం మీద దూరదూరంగా మచ్చల్లా కొత్త పక్కులు లేస్తున్నాయంటే అది గోటి పనే.

ఇప్పుడు ఒక చెంబు నీళ్లు కాచి, చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చన కానివ్వండి. మూడు రోజులకోసారి నీళ్లొచ్చే ఇళ్లలో చేసే పనే ఇది, ఆ చెంబు కంటే ఎక్కువ అవసరం లేదు. ఉతికిన పాత పంచె ఉంటే చింపి, చేతిరుమాలులో నాలుగో వంతంత ముక్కలు ఆరేడు చేసుకోండి. దూది వద్దు, పక్కుకు పోగులు అంటుకుంటాయి. ఒక ముక్క నీళ్లలో ముంచి, కారకుండా పిండి, పక్కు మీద వేసి పది నిమిషాలు ఉంచండి. ఆరిపోతుంటే మళ్లీ తడపండి. ముంచిన గుడ్డ తిరిగి చెంబులో పెట్టొద్దు, వేరే గిన్నెలోకి కొంచెం నీళ్లు ఒంచుకుని అందులోంచే తడపండి. పిల్లోడు కదలకుండా ఉండాలంటే కథ చెప్పాలి. అవ్వలకు ఇది బాగా చేతనవుతుంది.

పది నిమిషాలయ్యాక పక్కు మెత్తబడి, ఉప్మా గిన్నె అడుగు నానినట్టు అంచులు లేస్తాయి. సబ్బు నీళ్లలో ముంచిన ఇంకో గుడ్డతో మెల్లగా ఒక వైపుకు తుడిస్తే దానంతట అదే వచ్చేస్తుంది. రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు నానబెట్టండి. గోటితో గాని, చెంచా అంచుతో గాని లాగితే రక్తం వస్తుంది, ఆ చోట మళ్లీ అంతకంటే పెద్ద పక్కు కడుతుంది. పక్కు పోయాక కింద ఎర్రటి, పలచని తడి చర్మం కనబడుతుంది. అది చూసి జడుసుకోవద్దు. మందు పడాల్సింది ఆ చర్మం మీదే. పొడి గుడ్డతో మెల్లగా అద్ది తుడవండి, రుద్దొద్దు.

ఇదెందుకు ఇంత చెబుతున్నానంటే, నా చేతుల మీదే తప్పు జరిగింది. మా పాప చిన్నప్పుడు దానికి గడ్డం కింద ఇదే వస్తే, ఆయింట్‌మెంటు తెచ్చి పక్కు మీదే వారం రోజులు పూసాను. ట్యూబు సగం అయిపోయింది, పక్కు మాత్రం జిడ్డుగా మెరుస్తూ అలాగే ఉంది. బ్యాక్టీరియా పక్కు కింద తడిలో ఉంటే నేను పైకప్పుకు సున్నం కొట్టినట్టయింది.

మందు ఏది, ఎంత

మూడు నాలుగు పక్కులే ఉండి, జ్వరం లేకపోతే డాక్టరు ఎక్కువగా పూత మందే రాస్తారు. ముపిరోసిన్ రెండు శాతం గాని, ఫ్యుసిడిక్ యాసిడ్ రెండు శాతం గాని. రోజుకు మూడుసార్లు, ఐదు రోజులు. ఒక్కో పక్కుకు పెసర గింజంత చాలు, పక్కు అంచు దాటి ఒక వేలు వెడల్పు వరకూ పలచగా రాయండి. చేతులు ముందూ తర్వాతా సబ్బుతో కడగండి. ప్రతిసారీ నానబెట్టాల్సిన పని లేదు. పక్కు కట్టిన పూట నానబెట్టండి, కట్టకపోతే గోరువెచ్చని నీళ్లతో తుడిచి రాసేయండి. పక్కులు రెండో రోజే తగ్గాయని మందు ఆపొద్దు, ఐదు రోజులూ పూర్తి చేయండి.

మెడికల్ షాపులో "మొహం మీద పొక్కులు" అంటే చాలాసార్లు మూడు నాలుగు మందులు కలిపిన క్రీము చేతిలో పెడతారు. ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి, చదవడం రాకపోతే బడిపిల్లలను చదవమనండి. క్లోబెటాసాల్ అనో, బెటామెథాసోన్ అనో ఉంటే ఆ పక్కు మీద పూయొద్దు. అవి స్టెరాయిడ్లు. ఎర్రదనాన్ని రెండు రోజుల్లో తగ్గించేస్తాయి, దురద ఆగుతుంది, అంతా బాగైనట్టే ఉంటుంది. లోపల మాత్రం బ్యాక్టీరియా ఎదురు లేక పెరిగి, ఐదో రోజుకు చెంప మీదికీ చెవి దగ్గరికీ వస్తుంది. మా దగ్గరికి వచ్చే ముదిరిన కేసుల్లో ఎక్కువగా ఇలా క్రీము పూసి వచ్చినవే చూస్తుంటాను.

పసుపు, సున్నం, పళ్ల పేస్టు, పౌడరు ఇవన్నీ పక్కును గట్టిగా చేసి, కింద తడిని మూసేస్తాయి. వేపాకు కాచిన నీళ్లతో కడుగుతామంటే కడగండి, ఎటూ నీళ్లు గోరువెచ్చనే కదా. మందు మాత్రం విడిగా రాయాల్సిందే.

మనవడి వారం

మొదటి రోజు నేను అవ్వ ముందే పసుపు కడిగి, నానబెట్టి, పక్కులు తీసి చూపించాను. "ఇంత ఎర్రగా ఉండాదా లోపల" అని ఆమె కంగారు పడింది. డాక్టరు రాసిన ముపిరోసిన్ మొదలుపెట్టింది. రెండో రోజు ముక్కు కింద పక్కు మళ్లీ కట్టింది గాని పలచగా, రంగు తక్కువగా ఉంది. మూడో రోజుకు రసి ఆగింది. నాలుగో రోజుకు గడ్డం మీది చోట గులాబీ రంగు చర్మం పట్టింది. ఐదో రోజుతో మందు అయిపోయింది.

మందు మొదలెట్టి మూడు రోజులైనా పక్కులు తగ్గకపోతే, కొత్తవి లేస్తుంటే, మందు పని చేయడం లేదని అర్థం. అప్పుడు డాక్టరు రసిని పరీక్షకు పంపి, నోటి మందు రాయొచ్చు.

ఆ వారం అంతా పిల్లోడి టవాలు, దిండు గలీబు, లోటా వేరుగా ఉంచమన్నాను. టవాలు రోజూ మార్చి, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో నానబెట్టి, సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేయమన్నాను. మా ఎండకు అది గంటలో ఆరిపోతుంది. నీళ్ల కరువు ఇళ్లలో అందరూ ఒకే టవాలుతో తుడుచుకోవడం మామూలే, అది నిజంగా కష్టమైన మాటే. కనీసం వాడికొక్కడికి పాత చీర ముక్క టవాలుగా పెట్టి, వాడిదే కడిగితే చాలు.

బడి సంగతి

మూడో రోజు అవ్వ మళ్లీ వచ్చింది. ఇంట్లో మూడేళ్ల చెల్లెలికి మోకాలి మీద ఒక పక్కు లేచింది. అంతకుముందే అక్కడ దోమ కుట్టి గోకి ఉంది. ఇలా రావడం వింతేమీ కాదు. స్ట్రెప్టోకాకస్ అయితే తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల్లో, స్టెఫిలోకాకస్ అయితే నాలుగు నుంచి పది రోజుల్లో బయటపడుతుంది. కాబట్టి ఒక పిల్లోడికి తగ్గిన తర్వాత కూడా పది రోజులు ఇంట్లో మిగతా పిల్లల మొహాలు, మోకాళ్లు, మోచేతులు రోజూ స్నానం చేయించేటప్పుడు చూడండి.

మరి వీడికి ఎక్కడి నుంచి వచ్చింది? ఒకటో తరగతిలో ఎవరి పక్కన కూర్చుంటాడో అడిగాను. ఒకే బెంచీలో ముగ్గురు. పక్కనున్న పిల్లోడి చేతుల మీద పక్కులు ఉన్నాయని వీడే చెప్పాడు. వాళ్లిద్దరూ ఒకే పెన్సిలు కొరుకుతారట, ఆటల్లో మెడ మీద చేతులేసుకుని తిరుగుతారు. ఈ జబ్బు గాల్లో పోదు. అన్నం పళ్లెం, కుండలో నీళ్లు దీనికి పెద్ద దార్లు కావు. తడి పక్కు తగిలిన చెయ్యి, ఆ చెయ్యి తగిలిన టవాలు, గీరుకున్న చర్మం, ఇవి చాలు. చలికాలంలో కన్నా ఉక్క పోసే రోజుల్లో ఎక్కువ, కిక్కిరిసిన తరగతిలో ఇంకా ఎక్కువ.

ఆ పక్క పిల్లోడిని టీచరమ్మ అనుమతితో చూశాను. వేళ్ల సందుల్లో సన్నని గీతలు, గోకిన గుర్తులు, మణికట్టు దగ్గర పక్కులు. రాత్రిపూట నిద్ర పట్టకుండా గోకుతాడని వాళ్ల అమ్మ చెప్పింది. ఇంట్లో ఇంకో ఇద్దరికీ అంతే. వాడికున్నది గజ్జి. గజ్జి గోకిన చోట్లకు ఇంపెటైగో వచ్చి చేరింది. పక్కులకు ఆయింట్‌మెంటు రాస్తే ఆ వారానికి పోతాయి, గజ్జి ఉన్నంత కాలం గోకుడు ఆగదు, కొత్త పక్కులు లేస్తూనే ఉంటాయి. కాబట్టి ఆ ఇంటికి డాక్టరు పెర్మెత్రిన్ ఐదు శాతం క్రీము రాశారు. ఇంట్లో ఉన్న వాళ్లందరూ ఒకే రాత్రి మెడ కింద నుంచి పాదాల దాకా రాసుకుని, పొద్దున కడుక్కోవాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. దురద ఉన్నవాళ్లే రాసుకుంటే మిగతావాళ్ల నుంచి మళ్లీ వస్తుంది. ఆడపిల్లలకు మెడ వెనక, తల వెంట్రుకల్లో పక్కులు పదే పదే లేస్తుంటే పేలు ఉన్నాయేమో చూడండి, అక్కడ కూడా ఇదే కథ.

బడికి ఎప్పుడు పంపాలి? మందు మొదలుపెట్టి కనీసం ఒక రోజు నిండాలి. రెండు రోజులు ఆగితే ఇంకా మంచిది. పంపేటప్పుడు మొహం మీద మూయలేని పక్కు ఇంకా తడిగా ఉంటే ఆ పూట ఆగండి, ఆరి ఉంటే పర్వాలేదు. చేతి మీదిదైతే గాజుగుడ్డ చుట్టి పంపండి. మందు లేకుండా ఇంట్లో పెట్టుకుంటే పక్కులన్నీ పూర్తిగా ఎండి రాలేదాకా ఆగాలి, అది రెండు మూడు వారాలు పడుతుంది. అంటే మందు పెడితే పోయేది రెండు రోజులు, పెట్టకపోతే నెలలో సగం బడి పోతుంది. పిల్లోణ్ణి తరగతిలో నిలబెట్టి "దూరంగా కూర్చో" అనే టీచర్లను కూడా చూశాను. అలా చేస్తే తర్వాతి పిల్లోడు పక్కును చొక్కా చేతి కింద దాచుకుంటాడు. పెన్సిలు మార్చండి, బెంచీలో చోటు మార్చండి, ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

డాక్టరు దగ్గరికి ఆ రోజే పోవాల్సినవి

పసిబిడ్డకు, అంటే ఏడాది లోపు వాడికి పక్కు గాని, పెద్ద నీటి బొబ్బ గాని వస్తే ఇంట్లో నానబెట్టుకుంటూ ఉండొద్దు. జ్వరం వచ్చినా, పక్కు చుట్టూ ఎర్రదనం పాకుతూ వేడిగా, గట్టిగా, నొప్పిగా అవుతున్నా, కంటి రెప్ప దగ్గరికి వచ్చినా, ఒళ్లంతా చాలా చోట్ల లేచినా పూత మందు చాలదు. అప్పుడు నోటి యాంటీబయాటిక్ కావాలి, బరువును బట్టి మోతాదు డాక్టరే చెప్పాలి. పోయినసారి మిగిలిన సిరప్ ఇవ్వొద్దు.

ఇంకో సంగతి అరుదే, కానీ ఇది తెలిసిన తల్లి తొందరగా పట్టుకుంటుంది. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చిన కొన్ని కేసుల్లో, పక్కులు మాని మొహం శుభ్రంగా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాల తర్వాత, ఆరు వారాల లోపు ఎప్పుడైనా, మూత్రపిండాలు వాస్తాయి. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బి ఉంటుంది. ఉచ్చ టీ డికాషన్ రంగులోనో, బెల్లం నీళ్ల రంగులోనో వస్తుంది, లేదా రోజంతా తక్కువగా వస్తుంది. తలనొప్పి ఉండొచ్చు. పక్కులకు మందు పెట్టాం కదా అని ఇది రాదని అనుకోవద్దు. రంగు మారిందంటే అదే రోజు ఉచ్చ పరీక్ష, బీపీ చూడగలిగే చోటికి తీసుకుపోండి. ఎక్కువ మంది పిల్లలు వైద్యంతో బాగవుతారు, ఆలస్యం చేస్తేనే ప్రమాదం.

మనవడి కేసులో అది రాలేదు. పదిహేను రోజులకు అవ్వ మళ్లీ వచ్చింది, ఈసారి వేరే బెంగతో. పక్కులు ఉన్న చోట మూడు తెల్లటి మచ్చలు.

"నర్సమ్మా, ఇది బొల్లి కాదు గదా? మా పక్కింటామె బొల్లే అంటాండాది."

చర్మం మాని పైపొర కొత్తగా వచ్చిన చోట మన రంగు పిల్లలకు కొన్నాళ్లు లేత రంగు మచ్చ ఉంటుంది, లేకపోతే నల్లగా ఉంటుంది. ఇది పైపొర దెబ్బే గనుక మచ్చ నిలవదు, కొన్ని వారాలకో, నెలలకో రంగు వచ్చేస్తుంది. బొల్లి మచ్చ పాల తెలుపుగా, అంచు గీసినట్టుగా ఉండి పెరుగుతూ పోతుంది. పిల్లోడిని వెలుతురులో నిలబెట్టి చూశాను. అంచులు కలిసిపోయి ఉన్నాయి. ముక్కు కింద చీమిడి మాత్రం మళ్లీ కారుతోంది. వాడు చొక్కా చేతితో తుడవబోతే అవ్వ చెయ్యి పట్టుకుని, కొంగు అంచు ఇవ్వబోయి ఆగింది. సంచిలోంచి ఉతికి మడత పెట్టిన చీర ముక్క తీసి ఇచ్చింది.